వియ్యాలవారి పాటకు పల్లవే పగ్గం

పెళ్లి భోజనాల బంతిలో ఆడపెళ్లివారి ముత్తైదువ ఒకరు గొంతెత్తుతారు: వియ్యపురాలు పదహారు బూరెలు తిని, మరో పదహారు కొంగున కట్టిందట! వెంటనే రెండు వైపులవాళ్లూ పల్లవి అందుకుంటారు. వియ్యాలవారి పాటలో కిటుకంతా అక్కడే ఉంది. పల్లవి సాగినంతసేపూ అవతలివారికి జవాబు అల్లుకునే వ్యవధి దొరుకుతుంది. "మీ బూరెల్లో పూర్ణమేదమ్మా, వెతికి వెతికి అలిసిపోయాం" అని మగపెళ్లివారు తిప్పికొడతారు.

ఎత్తిపొడుపు నమ్మలేనంత అతిగా ఉంటేనే నవ్వు పుడుతుంది. నిజంగా ఉన్న లేమినో, కట్నాన్నో ముట్టుకుంటే అవతలివారు పల్లవి అందుకోవడం మానేస్తారు. పాట తెలిసిన పెద్దావిడైతే అక్కడే చరణం మార్చేస్తుంది. ఇప్పుడు మైకులో మోగే సినిమా పాటలు ఆ సందు కూడా మిగల్చడం లేదు. బంతి నడిచే అరగంటైనా దాన్ని కట్టేయించండి.