ఎంబీఏ: ఫీజొక్కటే ఖర్చు కాదు

గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో తలుపులు తెరిచింది. ఏడాదిలో ముగిసే దాని ప్రధాన కోర్సు ఉద్యోగం చేసినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. ఏడాది జీతం వదులుకుని, అప్పు చేసి మరీ ఇలాంటి చోట చేరడం గిట్టుబాటవుతుందా?

ఒక ఊహా లెక్క చూద్దాం. మాదాపూర్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఇంజినీరు జీతం ఏడాదికి 15 లక్షలు. చదువుకు, వసతికి 40 లక్షల అప్పు చేశాడు. చదివే ఏడాది చేతికి రాని జీతం మరో 12 లక్షలు. అంటే అసలు ఖర్చు 52 లక్షలు. ఈ రెండో పద్దును చాలామంది లెక్కలోకే తీసుకోరు.

వడ్డీ తొమ్మిదిన్నర శాతం, గడువు పదేళ్లు అనుకుంటే నెల వాయిదా దాదాపు 52 వేలు. ఏడాదికి 6.2 లక్షలు. కోర్సయ్యాక 25 లక్షల జీతం వచ్చిందనుకోండి. చదవకుండా ఉన్నా ఈపాటికి 17 లక్షలకు చేరేవాడే. పన్ను, పీఎఫ్ పోగా చేతికి అదనంగా వచ్చేది సుమారు 6 లక్షలు. అదంతా వాయిదాకే సరి! లాభం మొదలయ్యేది తర్వాతి ప్రమోషన్లతోనే. అందుకే కోడింగ్ నుంచి కన్సల్టింగ్‌కో ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కో మారాలనుకునేవాడికి ఈ చదువు దారి చూపిస్తుంది. అదే పనిలో జీతం పెంచుకోవాలనుకునేవాడికి కంపెనీ మారడమే చవక.

కాలేజీలు చెప్పే ‘సగటు ప్యాకేజీ’ని నమ్మి ఈ లెక్క వేస్తే దెబ్బతింటారు. నాలుగైదు భారీ ఆఫర్లు సగటును పైకి లాగేస్తాయి. మధ్యస్థ జీతం ఎంత, అందులో చేరినప్పుడు ఒకసారే ఇచ్చే బోనస్ ఎంత, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అని అడగాలి. ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో వచ్చిన ప్లేస్‌మెంట్ నివేదికల ప్రమాణాలను పాటించి, ఆడిట్ చేయించిన నివేదికైతే నమ్మకం ఎక్కువ. అలాంటిది చూపించలేని కాలేజీకి లక్షలు కట్టడం తగదు.

ఇక ఎప్పుడు? డిగ్రీ కాగానే ఐసెట్ రాసి దగ్గర్లోని కాలేజీలో చేరితే ఫీజు తక్కువే, పోయే జీతమూ ఉండదు. కానీ అనుభవం లేనివాళ్లకు వచ్చేవి ఎక్కువగా సేల్స్ ఉద్యోగాలు. మంచి ఐఐఎంలో సీటొస్తే మాత్రం వెంటనే చేరడంలో తప్పులేదు. మిగతావాళ్లకు మూడు నుంచి ఐదేళ్ల అనుభవం సరైన అదను. అప్పటికి చెప్పుకోవడానికి చేసిన పని ఉంటుంది, వదులుకునే జీతం మరీ పెద్దది కాదు, ఇంటి రుణం ఇంకా మెడకు చుట్టుకోదు.

పదేళ్లు దాటాక పూర్తికాలపు కోర్సు భారమే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తక్కువ అనుభవమున్నవాళ్ల కోసం చూస్తాయి. అప్పుడు ఉద్యోగం మానకుండా వారాంతాల్లో చదివే కోర్సు నయం. వాటిలో సాధారణంగా ప్లేస్‌మెంట్ ఉండదు కాబట్టి, చదువు పూర్తయితే పెద్ద బాధ్యత ఇస్తారా అన్నది ముందే పై అధికారిని అడిగి తెలుసుకోవాలి.