లిఫ్టు కంపెనీకి వీడ్కోలు ఉత్తరం

విజయవాడలో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఉందనుకుందాం. పదకొండేళ్లుగా ఒకే ఏజెన్సీ అక్కడి లిఫ్టు చూస్తోంది. ఇప్పుడు పాత లిఫ్టు తీసేసి కొత్తది పెడుతున్నారు. దాని నిర్వహణ తయారీ కంపెనీయే చూసుకుంటుంది. పాత ఏజెన్సీకి ‘ఇక చాలు’ అని చెప్పాలి. పనిలో వంక పెట్టడానికేమీ లేదు. అందుకే సెక్రటరీ గారికి పెన్ను కదలడం లేదు.

ఫోన్లో చెప్పేస్తే సరిపోదు. ముందు బీరువాలోంచి ఒప్పందం కాగితాలు తీయాలి. ‘రద్దు’ అనే షరతు కింద ఎన్ని రోజుల ముందు చెప్పాలో, ఆ రోజులు ఉత్తరం రాసిన నాటి నుంచా, అందిన నాటి నుంచా అన్నది చూడాలి. గడువు ముగిశాక ఒప్పందం దానంతటదే మరో ఏడాదికి పొడిగించబడుతుందన్న వాక్యం ఉంటే, దాన్ని ఆపడానికి ఎప్పటిలోగా చెప్పాలో కూడా అక్కడే ఉంటుంది. మధ్యలో మానుకునే వీలే రాసి లేకపోతే గడువు దాకా ఆగాలి, లేదా మాట్లాడుకుని ఇద్దరూ సంతకం పెట్టి ముగించుకోవాలి.

మన అపార్ట్‌మెంటు ఒప్పందంలో ‘నోటీసు అందిన నాటి నుంచి 60 రోజులు’ అని ఉంది. ఉత్తరం జులై 1న చేతికిచ్చారు. అందిన రోజును వదిలేసి లెక్కిస్తే జులైలో 30 రోజులు, ఆగస్టులో 30 రోజులు. ఆగస్టు 30తో అరవై నిండుతాయి. ఆఖరి రోజు ఆగస్టు 31 అని రాయడం మేలు. ఒక రోజు ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతే నోటీసు చెల్లదనే పేచీ రావచ్చు.

ఇక డబ్బు. ఏప్రిల్ 1న ఏడాదికి రూ.54,750 ముందే కట్టారు. అంటే రోజుకు రూ.150. సెప్టెంబరు 1 నుంచి మార్చి 31 వరకు 212 రోజులు. మిగిలిన సొమ్ము వెనక్కి ఇవ్వాలని ఒప్పందంలో ఉంటే రూ.31,800 రావాలి. ఆ అంకె ఉత్తరంలోనే ఉండాలి.

ఉత్తరం ఇలా ఉండొచ్చు:

‘విషయం: లిఫ్టు నిర్వహణ ఒప్పందం ముగింపు నోటీసు.

అయ్యా, మన ఒప్పందంలోని రద్దు షరతు ప్రకారం ఈ ఒప్పందాన్ని ఆగస్టు 31తో ముగిస్తున్నాం. కొత్త లిఫ్టు నిర్వహణను తయారీ కంపెనీ చూసుకోనుంది. ఆ రోజు వరకు నెలవారీ సర్వీసు యథావిధిగా కొనసాగించగలరు. మెషీన్ రూము తాళాలు, తలుపు తెరిచే అత్యవసర తాళంచెవి, సర్వీసు రిజిస్టరు ఆ రోజు మాకు అప్పగించగలరు. ముందుగా చెల్లించిన దాంట్లో మిగిలిన రూ.31,800 తిరిగి పంపగలరు.

ఓ వర్షాకాలం రాత్రి కరెంటు పోయి మా మూడో అంతస్తు పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుంటే, మీ మెకానిక్ తడుస్తూ వచ్చి ఆవిడను బయటికి తీశారు. ఆవిడ స్థిమితపడే దాకా పక్కనే కూర్చున్నారు. మేమది మరిచిపోలేదు. ఆయనకు, మీకు మా అందరి కృతజ్ఞతలు.’

ఇందులో ‘ముగిస్తున్నాం’ అన్న మాట గమనించండి. మొహమాటానికి ‘ముగిద్దామని అనుకుంటున్నాం’ అని రాస్తే అది నోటీసు కాదు, ఆలోచన మాత్రమే. అవతలివాళ్లు మామూలుగానే బిల్లు పంపుతారు. అలాగని చివర్లో పాత కోపాలు తవ్వితే మరో చిక్కు. ‘సర్వీసు సరిగా లేదు’ అన్నారంటే అది ఒప్పంద ఉల్లంఘన ఆరోపణ అవుతుంది. చాలా ఒప్పందాల్లో దానికి వేరే షరతు, లోపం సరిదిద్దుకోవడానికి వేరే గడువు ఉంటాయి.

కృతజ్ఞతలోనూ జారిపోయే చోటు ఒకటుంది. ‘మన మధ్య లెక్కలన్నీ తేలిపోయాయి’ అని మర్యాదకు రాస్తే, రావాల్సిన రూ.31,800 మీరే వదులుకున్నారని వాళ్లు వాదించవచ్చు. ‘మీ అమూల్య సేవలకు ధన్యవాదాలు’ అన్న వాక్యం ఏ ఉత్తరానికైనా అతుకుతుంది కాబట్టి ఎవరి మనసుకూ తగలదు. వానలో వచ్చిన మెకానిక్ మాట ఈ ఒక్క ఉత్తరానిదే. ఏజెన్సీ యజమాని దాన్ని ఆయనకు చదివి వినిపిస్తాడు కూడా.

ఉత్తరం మీద సంతకం పెట్టేది ఒప్పందం చేసుకున్న సంఘం తరఫున అధికారం ఉన్నవాళ్లే కావాలి. కమిటీ తీర్మానం పుస్తకంలో ఎక్కించుకుంటే మరీ మంచిది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై ‘అందింది’ అని తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. నోటీసు స్పీడ్ పోస్టులోనో ఈమెయిల్లోనో పంపాలని ఒప్పందంలో ఉంటే అలాగే పంపాలి.

అయితే కాగితం చేరేముందు సెక్రటరీ గారు ఫోన్ చేసి, ‘అన్నా, ఉత్తరం తెస్తున్నా, విషయం ముందు నా నోటి వెంటే వినాలి’ అని చెప్పడం పదకొండేళ్ల పరిచయానికి మర్యాద. ఫోను ఉత్తరానికి బదులు కాదు, దానికి ముందుమాట.