పైకొన దగ్గర తాడు బిగువెంత?

ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో పిల్లల్ని తికమక పెట్టే లెక్క ఒకటుంది. తాడు చివర రాయి కట్టి నిలువుగా గుండ్రంగా తిప్పుతారు. రాయి పైకొనకు చేరినప్పుడు దాని వేగమెంత, తాడులో తన్యత ఎంత అన్నది ప్రశ్న. ఇప్పుడీ లెక్క ఎక్కువగా ఫోనులో తీసిన ఫొటోగా వస్తోంది. ఒక వృత్తం, మధ్యలో O, కింద A, పైన B, పక్కన రెండు మూడు అంకెలు, అంతే.

అలాంటప్పుడు సూత్రం కోసం వెతకడానికి ముందే బొమ్మను సరిగ్గా చదవాలి. 0.8 మీ. అని రాసిన గీత O దగ్గర ఆగిందా, వృత్తం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిందా? ఆగితే అది వ్యాసార్థం, దాటితే వ్యాసం. 7 మీ./సె. అన్న బాణం A దగ్గరుందా, పక్కనుందా? O నుంచి రాయిదాకా ఉన్నది తాడా, కడ్డీయా? ఈ మూడో ప్రశ్నను దాదాపు ఎవరూ పట్టించుకోరు. జవాబును తారుమారు చేసేది మాత్రం అదే.

మన బొమ్మలో 0.8 మీటర్లు వ్యాసార్థం, రాయి ద్రవ్యరాశి 0.5 కిలోలు, A దగ్గర వేగం సెకనుకు 7 మీటర్లు, కట్టింది తాడు అనుకుందాం. g విలువ 10గా తీసుకుందాం.

ముందు వేగం తేల్చాలి. A నుంచి B కి రాయి 1.6 మీటర్లు, అంటే రెండు వ్యాసార్థాల ఎత్తు ఎక్కుతుంది. ఆ మేరకు గతిజ శక్తి తగ్గి స్థితిజ శక్తిగా మారుతుంది. తాడు లాగే దిశ ఎప్పుడూ రాయి కదిలే దిశకు లంబంగా ఉంటుంది కాబట్టి తాడు పని ఏమీ చేయదు.

```
v² = u² − 4gr = 49 − 32 = 17
v = 4.1 మీ./సె.
```

ఇక తన్యత. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. పైకొనలో ఉన్న రాయి కింద పడకుండా ఏదో పైకి లాగుతూ ఉండాలని మనసుకు తోస్తుంది, దాంతో తన్యత బాణాన్ని పైకి గీసేస్తారు. కానీ B దగ్గర తాడు రాయికి కింద ఉంది. తాడు లాగగలదే తప్ప నెట్టలేదు. కాబట్టి అది కిందికే లాగుతుంది, బరువూ కిందికే. మరి రాయి ఎందుకు పడదు? నిజానికి పడుతూనే ఉంది. తన దారిన పోనిస్తే అడ్డంగా సూటిగా పోయే రాయిని ఈ రెండు బలాలూ కలిసి కిందికి వంచుతున్నాయి, ఆ వంపే వృత్తం.

```
T + mg = mv²/r
T = 10.6 − 5 = 5.6 న్యూటన్లు
```

బాణం పైకి గీసినవారికి 15.6 వస్తుంది. తప్పు పట్టుకునే దారి ఉంది. A దగ్గర కూడా తన్యత లెక్కకట్టండి. అక్కడ బరువు తాడుకు ఎదురుగా ఉంటుంది కాబట్టి 30.6కు 5 కలిపితే 35.6. కింది తన్యతకూ పై తన్యతకూ తేడా ఎప్పుడూ రాయి బరువుకు ఆరు రెట్లు ఉండాలి, వేగమెంతైనా, తాడు పొడవెంతైనా. 35.6లోంచి 5.6 తీస్తే 30, సరిపోయింది. 15.6 తీస్తే 20, అంటే ఎక్కడో పొరపాటు.

ఇప్పుడు 7 బదులు 6 పెట్టి చూడండి. పైకొన దగ్గర v² 4 అవుతుంది, వేగం 2 అని శక్తి సమీకరణం నిక్షేపంగా చెబుతుంది. కానీ తన్యత మైనస్ 2.5 వస్తుంది. ఈ మైనస్‌ను కొట్టేసి 2.5 అని రాసేయడం చాలా పెద్ద తప్పు. తాడు నెట్టాలి అంటోంది సమీకరణం, అది తాడుకు చేతకాదు. అంటే రాయి B కి చేరనే లేదు. లెక్కిస్తే, పైకొన ఇంకా 13 సెంటీమీటర్ల ఎత్తున ఉండగానే తాడు వదులైపోయి, రాయి విసిరిన బంతిలా వంపు తిరిగి పడిపోతుంది. రాయి B దాటాలంటే అక్కడ v² కనీసం gr ఉండాలి. అంటే A దగ్గర సెకనుకు 6.3 మీటర్లు కావాలి. అదే కడ్డీ అయితే అది నెట్టగలదు కాబట్టి, 6 మీటర్ల వేగానికే రాయి పైకొన దాటుతుంది, మైనస్ 2.5 కూడా సరైన జవాబే అవుతుంది.

సర్కస్ గ్లోబులో మోటారు సైకిలు తిప్పేవాడికి తాడుండదు, ఇనుప జాలీ లోపలికి నెడుతుంది. సమీకరణంలో T స్థానంలో ఆ నెట్టుడు వస్తుంది, అంతే తేడా. అయితే అక్కడ ఇంజను శక్తినిస్తూ ఉంటుంది, కాబట్టి కింది వేగంలోంచి 4gr తీసేసే మొదటి మెట్టు పనికిరాదు. పైకొన షరతు మాత్రం నిలుస్తుంది. రైడరు తిరిగే వృత్తం వ్యాసార్థం 2.5 మీటర్లయితే పైన సెకనుకు కనీసం 5 మీటర్లు, గంటకు 18 కిలోమీటర్ల వేగం ఉండాలి. బండి బరువెంతైనా ఈ అంకె మారదు.