ఎదురెదురు కొట్లు, మెల్లగా పుట్టే ప్రేమ

ఒకే బజారులో పోటీపడే ఇద్దరు వ్యాపారుల ప్రేమకథకు పునాది వాళ్ల పోటీయే. అది కడుపు కూటికి సంబంధించిన పోటీ కావాలి, పాఠకుడికి కళ్లారా కనిపించాలి. రెండు మ్యాచింగ్ సెంటర్లు ఎదురెదురుగా ఉన్నాయనుకుందాం. ఒకటి అతనిది, ఒకటి ఆమెది. చీర సంచిలో పెట్టుకుని వచ్చినావిడ అతని చేత పది తానులు విప్పించి, రంగు కుదరలేదని రోడ్డు దాటి ఆమె కొట్లోకి వెళ్తుంది. విప్పిన తానులు మళ్లీ చుట్టుకుంటూ అతను అటు చూస్తాడు. ఇద్దరి మధ్య ఏముందో చెప్పడానికి ఆ చూపు చాలు.

ఇక చిన్న చిన్న పనులు. నెమ్మదిగా సాగే ప్రేమకథలో వీటి విలువను ఆ వ్యాపారంలోని కట్టుబాట్లే నిర్ణయిస్తాయి. పువ్వులు ఎవరైనా ఇస్తారు. అదే, బోణీ కాకముందు గల్లాపెట్టెలోంచి డబ్బు తీయకూడదన్న పట్టింపు ఉన్న బజారులో చిల్లర ఇవ్వడం పెద్ద విషయం. ఒక ఉదయం ఆమె మొదటి బేరం ఎనభై రూపాయల లైనింగు ముక్క. కొన్నావిడ ఐదువందల నోటు ఇచ్చింది, ఈమె దగ్గర చిల్లర లేదు. అటునుంచి చూసిన అతను, తనకింకా బోణీ కాకపోయినా, కుర్రాడితో చిల్లర పంపాడు. తర్వాత ఆమె గుమ్మంలోంచే అడిగింది:

“బోణీ కాకుండా గల్లా తెరిచారేంటండీ?”

“ఆవిడ మీ దగ్గర కొనకపోతే నా కొట్టుకొచ్చేది. పొద్దున్నే ఆవిడతో వేగే ఓపిక నాకు లేదు.”

ఈ జవాబులో ప్రేమ మాటే లేదు. చేసిన మేలును ఒప్పుకోకుండా దానికో వ్యాపార కారణం చెప్పడమే ఈ సంభాషణకు ప్రాణం. ఆ కారణం నమ్మేట్టుగానూ ఉండాలి, పూర్తిగా నమ్మబుద్ధి కాకుండానూ ఉండాలి. రచయిత కల్పించుకుని ‘అతని గుండెలో ఏదో కదిలింది’ అని రాస్తే ఆ సందు పూడుకుపోతుంది, పాఠకుడికి ఊహించే పని మిగలదు.

బదులు కూడా అదే కొలతలో ఉండాలి. మర్నాడు అతను షట్టరు ఎత్తేసరికి పదిరూపాయల నోట్ల కట్ట ఒకటి వచ్చింది. “డబ్బు బోణీ అయ్యాకే పంపమన్నారు” అన్నాడు తెచ్చిన కుర్రాడు. వెయ్యి రూపాయల చిల్లర ఆమె పోటీదారుకు అప్పుగా ఇచ్చింది, అతని పట్టింపును గుర్తుపెట్టుకుంది కూడా. ఇక్కడే తొందరపడి సినిమా టిక్కెట్లో, వెండి పట్టీలో తెస్తే కథ చెడుతుంది. ఒక్కో పనికీ మధ్య మామూలు రోజులు గడవాలి. ఆ రోజుల్లో పోటీ సాగుతూనే ఉండాలి. శ్రావణమాసం రాగానే ఆమె ఫాల్ కుట్టడం ఉచితమని బోర్డు పెడితే అతనికి నిజంగా కోపం రావాలి.

ఎకసెక్కాలు సరుకు మీద, బేరం మీద, బోర్డు మీద నడిచినంత కాలం తియ్యగా ఉంటాయి. ఇంటి మీదికి, పెళ్లికాకపోవడం మీదికి, అప్పుల మీదికి వెళ్లాయంటే అవి దెప్పిపొడుపులే. అలా ఒకసారి హద్దు దాటించి, మర్నాడు రెండు గుమ్మాలూ మౌనంగా ఉండేట్టు చేయడం మంచి మలుపే, రెండోసారి మాత్రం పనికిరాదు. తెలుగులో రాసేవారికి ఇంకో సౌకర్యం ఉంది: ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు జారడం. మూడొంతుల కథ ‘అండీ’తో నడిచాక, వానలో తడుస్తున్న తానులు లోపలికి లాగుతూ అతను “నువ్వు ముందు లోపలికెళ్లు” అంటే అదే ప్రేమ ప్రకటన. మరుక్షణం ‘మీరు’కు తిరిగి రావడం ఇంకా బాగుంటుంది.

ఈ పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ నోరా ఎఫ్రాన్ 1998లో తీసిన ‘యూ హావ్ గాట్ మెయిల్’. న్యూయార్క్‌లో ఆమెది పిల్లల పుస్తకాల చిన్న దుకాణం, అతని కుటుంబానిది పెద్ద పుస్తకాల గొలుసు సంస్థ. పోటీకి తట్టుకోలేక ఆమె దుకాణం మూతపడుతుంది. తర్వాత జలుబుతో ఉన్న ఆమెను చూడటానికి అతను డైసీ పూలతో వస్తాడు. ఆ సన్నివేశం సున్నితంగానే ఉంటుంది, కానీ అప్పటికి ఒకరు గెలిచారు, ఒకరు సర్వం పోగొట్టుకున్నారు. పోటీ అలా ఏకపక్షంగా తేలిపోయాక చేసే ప్రతి మంచిపనీ పరిహారంలా కనిపిస్తుంది. అందుకే ఇద్దరూ మనసు విప్పే రోజుకు రెండు కొట్ల షట్టర్లూ తెరిచే ఉండాలి.