పే బటన్ ఉన్న బిల్లు కూడా ఎందుకు ఆగుతుంది?

ఫ్రీలాన్సర్‌కు డబ్బు రావడం ఆలస్యమైతే ముందుగా కలిగే అనుమానం, క్లయింట్‌కు ఇచ్చే ఉద్దేశం లేదేమోనని. చాలా సందర్భాల్లో బిల్లు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఏదో చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉంటుంది. గడువు ఎప్పటికి? టీడీఎస్ ఎంత కోయాలి? ఈ లింక్ నిజంగా ఆయనదేనా? వీటికి బిల్లులోనే జవాబు దొరక్కపోతే, అకౌంట్స్ వాళ్లు దాన్ని పక్కన పెట్టి తర్వాతి బిల్లు తీస్తారు. బిల్లులో పే బటన్ పెట్టడం ఇప్పుడు అయిదు నిమిషాల పని. ఆ బటన్ నొక్కేవాళ్లకు అడగడానికి ప్రశ్న మిగలకుండా చూడటంలోనే అసలు నేర్పు ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఉండే ఒక ఇంటీరియర్ డిజైనర్‌కు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ తన కొత్త ఆఫీసు డ్రాయింగుల పని అప్పగించింది. లేఅవుట్, త్రీడీ వ్యూలు, వడ్రంగికీ ఎలక్ట్రీషియన్‌కూ ఇచ్చే వర్కింగ్ డ్రాయింగులు అన్నీ కలిపి 60,000 రూపాయలు. పని మొదలుపెట్టే ముందు 40 శాతం, అంటే 24,000. చివరి డ్రాయింగులు అందాక మిగతా 36,000. ఈ రెండో బిల్లు ఎలా ఉండాలో చూద్దాం.

షరతులు కొటేషన్‌లోనే

బిల్లు మీద మొదటిసారి కనిపించే షరతుకు బలం తక్కువ. పని అయిపోయాక మీరు కొత్తగా రాసిన వడ్డీ మాటను క్లయింట్ ఒప్పుకోవాల్సిన పని లేదు. అందుకే షరతులన్నీ కొటేషన్‌లో ఉండాలి, దానికి క్లయింట్ ‘సరే’ అని మెయిల్‌లో జవాబివ్వాలి. బిల్లు ఆ మాటల్ని గుర్తు చేస్తే చాలు.

మన డిజైనర్ కొటేషన్‌లో నాలుగు విషయాలు రాశారు. అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు. ధరలో రెండు సార్ల మార్పులు కలిసి ఉన్నాయి, మూడో సారి నుంచి విడిగా చార్జీ. చివరి డ్రాయింగులు మెయిల్ చేసిన రోజు నుంచి 15 రోజుల్లో మిగతా సొమ్ము. ఆ 15 రోజుల్లో లోపాలేమైనా ఉంటే రాతపూర్వకంగా చెప్పాలి. ఈ నాలుగోది చాలామంది మరిచిపోతారు. ‘మా ఎండీ గారు ఇంకా చూడలేదండీ’ అన్న మాటతో వారాలు గడిచిపోయేది ఇక్కడే.

గడువు రాసే తీరులోనూ జాగ్రత్త కావాలి. ‘నెట్ 15’ అని రాస్తే బిల్లు తేదీ నుంచా, బిల్లు అందిన రోజు నుంచా, అకౌంట్స్‌కు చేరిన రోజు నుంచా అన్న సందేహం వస్తుంది. బిల్లు మీద ‘చెల్లించాల్సిన ఆఖరి తేదీ: 2025 నవంబర్ 25’ అని రాస్తే లెక్క కట్టాల్సిన పని ఎవరికీ ఉండదు.

బటన్ మీద ఏ అంకె?

పే బటన్ ఎక్కువగా దెబ్బతినేది ఈ అంకె దగ్గరే. బిల్లు 36,000 కాబట్టి లింక్ కూడా 36,000కే చేస్తారు. కంపెనీ మాత్రం అంత చెల్లించలేదు. ఇంటీరియర్ డిజైన్ లాంటి వృత్తి సేవలకు ఒకరికి ఏడాదిలో ఇచ్చే మొత్తం 50,000 దాటితే కంపెనీ 10 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30,000 ఉండేది. 36,000లో 10 శాతం 3,600. అంటే కంపెనీ మీకు పంపాల్సింది 32,400. లింక్ 36,000 దగ్గర బిగుసుకుని ఉంటే అకౌంటెంట్ ఆ బటన్ నొక్కలేరు, లింక్ మార్చమని అడగడానికి బద్ధకించి బిల్లును పక్కన పెడతారు.

కాబట్టి లింక్ చేసేముందు అకౌంట్స్‌కు ఒక ఫోన్ చేయాలి. ‘సార్, టీడీఎస్ ఎంత శాతం కోస్తారండీ?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. పని స్వభావాన్ని బట్టి ఈ శాతం మారుతుంది. కొన్ని సాంకేతిక సేవలకు 2 శాతమే ఉంటుంది. మీ పాన్ నంబర్ బిల్లు మీద ఉండటం తప్పనిసరి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు.

జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సేవలు మాత్రమే అందించేవారి వార్షిక రాబడి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. క్లయింట్ పక్క రాష్ట్రంలో ఉన్నా సేవలకు ఈ వెసులుబాటు వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు, పైన ‘ట్యాక్స్ ఇన్‌వాయిస్’ అనీ రాయకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు జీఎస్టీని వేరే వరుసలో చూపించాలి. అలా చూపిస్తే టీడీఎస్‌ను జీఎస్టీ కలపని మొత్తం మీదే లెక్కిస్తారు.

మన డిజైనర్ బిల్లులో డబ్బు లెక్క ఉండే భాగం ఇలా ఉంటుంది:

బిల్లు నంబర్ 2025-26/14, తేదీ 2025 నవంబర్ 10
ఆఫీసు ఇంటీరియర్ డ్రాయింగులు, ఒప్పుకున్న మొత్తం: 60,000
అడ్వాన్స్ బిల్లు (2025-26/9): 24,000
ఈ బిల్లు మొత్తం: 36,000
టీడీఎస్ 10 శాతం: 3,600
ఇప్పుడు చెల్లించాల్సింది: 32,400
ఆఖరి తేదీ: 2025 నవంబర్ 25

అడ్వాన్స్ దగ్గర 2,400 టీడీఎస్ పోయి చేతికి 21,600 వచ్చినా, ఇక్కడ 24,000 అనే చూపించాలి. కోసిన టీడీఎస్ కూడా మీ ఆదాయమే. 21,600 అని రాస్తే రెండు వైపులా పుస్తకాల్లో లెక్క తప్పుతుంది.

లింక్ తయారీ

రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటి పేమెంట్ గేట్‌వేల్లో ఖాతా తెరిచి, పాన్, బ్యాంకు వివరాలతో కేవైసీ పూర్తి చేస్తే ‘పేమెంట్ లింక్’ చేసుకునే వీలు వస్తుంది. అందులో మొత్తం 32,400 అని వేయాలి. రిఫరెన్స్ దగ్గర బిల్లు నంబర్ రాయాలి. లేకపోతే డబ్బు వచ్చాక అది ఏ బిల్లుదో వెతుక్కోవాలి. లింక్ ఎన్నాళ్లు పని చేయాలో కూడా అక్కడే నిర్ణయించవచ్చు. దాన్ని బిల్లు గడువు రోజుకే ముగిసేలా పెట్టడం తప్పు. 25న అప్రూవల్ వచ్చి 27న చెల్లించబోతే లింక్ చచ్చిపోయి ఉంటుంది. గడువు తర్వాత ఒక నెల బతికి ఉండేలా పెట్టుకోవడం మంచిది.

వచ్చిన లింక్‌ను బిల్లులో ‘ఇక్కడ చెల్లించండి’ అన్న అక్షరాలకు జోడించి పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేయాలి. బిల్లును ఫొటో తీసో స్క్రీన్‌షాట్ చేసో పంపితే బటన్ కేవలం బొమ్మగా మిగులుతుంది. కొన్ని ప్రోగ్రాముల్లో ‘ప్రింట్’ ద్వారా పీడీఎఫ్ చేసినా లింక్ పోతుంది. అందుకే ఫైల్‌ను ముందు మీకే మెయిల్ చేసుకుని, వేరే ఫోన్‌లో తెరిచి నొక్కి చూడాలి. తెరుచుకున్న పేజీలో కనిపించే పేరు బిల్లు మీది పేరుతో సరిపోవాలి. మోసపు లింకుల గురించి రోజూ వింటున్న అకౌంటెంట్, తెలియని పేరు కనబడితే అక్కడే ఆగుతారు, ఆగడమే న్యాయం.

గేట్‌వే ఊరికే రాదు. కార్డు చెల్లింపులకు రుసుము సాధారణంగా 2 శాతం చుట్టుపక్కల ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 32,400కు 2 శాతం అంటే 648, జీఎస్టీతో కలిపి దాదాపు 765 రూపాయలు మీ వాటాలోంచి పోతాయి. పైగా సొమ్ము మీ ఖాతాకు చేరడానికి మామూలుగా రెండు పని దినాలు పడుతుంది.

దీనికి బదులు యూపీఐ క్యూఆర్ పెట్టుకోవచ్చు. దాని వెనక ఉండేది ఇలాంటి ఒక వరుస:

```
upi://pay?pa=name@bank&pn=Name&am=32400.00&cu=INR&tn=INV14
```

ఇందులో `pa` దగ్గర మీ యూపీఐ ఐడీ, `am` దగ్గర మొత్తం, `tn` దగ్గర బిల్లు గుర్తు ఉంటాయి. దీన్ని క్యూఆర్‌గా మారిస్తే స్కాన్ చేసినవాళ్లకు అంకె ముందే నిండి కనిపిస్తుంది. అయితే ఈ వరుసను మెయిల్‌లో బటన్‌గా పెడితే చాలా చోట్ల పని చేయదు. కంప్యూటర్‌లో తెరిచినవాళ్లకు నొక్కినా ఏమీ జరగదు. అందుకే యూపీఐకి క్యూఆర్ బొమ్మ, నొక్కడానికి గేట్‌వే లింక్ అని గుర్తుంచుకుంటే చాలు.

ఏ బటన్ పెట్టినా కింద బ్యాంకు ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉండాల్సిందే. కాస్త పెద్ద కంపెనీల్లో ఒకరు చెల్లింపు ఎంటర్ చేస్తే మరొకరు అప్రూవ్ చేస్తారు, అదంతా వాళ్ల నెట్‌బ్యాంకింగ్‌లోనే నడుస్తుంది. అక్కడ మీ బటన్‌తో పని లేదు. యజమానే స్వయంగా ఫోన్ తీసి చెల్లించే చిన్న సంస్థల్లో బటన్ బాగా పనికొస్తుంది.

గడువు దాటితే

బిల్లును పని అప్పగించినవారికీ, అకౌంట్స్ మెయిల్‌కూ కలిపి పంపాలి. గడువుకు మూడు రోజుల ముందు ఒక గుర్తింపు మెయిల్, దాటిన మర్నాడు మరొకటి, అదే బిల్లును మళ్లీ జతచేసి పంపాలి. పాత మెయిల్ వెతికే శ్రమ వాళ్లకు పెట్టకూడదు.

ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదైన ఫ్రీలాన్సర్‌కు చట్టం అండ కూడా ఉంది. ఈ నమోదు ఉచితం, పని మొదలుకాక ముందే చేసుకోవాలి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2023-24 నుంచి మరో మెలిక కూడా వచ్చింది. ఇలాంటి సంస్థలకు గడువు దాటాక ఇచ్చే సొమ్మును, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కంపెనీ ఖర్చుగా చూపుకోగలదు. మార్చి నెలలో అకౌంట్స్ వాళ్లు ఈ విషయంలో చాలా చురుగ్గా ఉంటారు. బిల్లు మీద ఉద్యమ్ నంబర్ అచ్చువేస్తే మాట పెంచకుండానే వాళ్లకు విషయం అర్థమవుతుంది.

డబ్బు ఖాతాలో పడ్డ రోజున బిల్లు సగమే ముగిసినట్టు. 32,400 వచ్చింది, 3,600 ఇంకా కంపెనీ చేతిలో ఉంది. నవంబర్‌లో కోసిన టీడీఎస్‌ను వాళ్లు డిసెంబర్ 7లోగా కట్టి, ఆ త్రైమాసిక రిటర్నును జనవరి 31లోగా దాఖలు చేయాలి. ఫిబ్రవరిలో ఒకసారి ఆదాయపన్ను పోర్టల్ తెరిచి, మీ పాన్ కింద అడ్వాన్స్ తాలూకు 2,400, ఈ 3,600 రెండూ కనిపిస్తున్నాయో లేదో చూడాలి. కనిపించకపోతే బిల్లు నంబర్‌తో వెంటనే అకౌంట్స్‌కు మెయిల్ పెట్టాలి. ఆ రెండు అంకెలూ కనబడ్డాకే 60,000 లెక్క పూర్తిగా ముగిసినట్టు.