గుమ్మం వెలుతురులో జుట్టు రంగు

చీరల కొట్లో మన ఆడవాళ్ళు చేసే పని ఒకటుంది. నచ్చిన చీర మడత విప్పించి, భుజం మీద వేసుకుని, లైట్ల కిందనుంచి గుమ్మం దాకా నడుస్తారు. అక్కడ పగటి వెలుతురులో చీర వంక చూడరు, చేతి అద్దంలో ముఖం చూసుకుంటారు. "బాగుంది గానీ, ముఖం వెలవెలబోతోందమ్మా" అని తిరిగిచ్చేస్తారు. చీర విషయంలో ఇంత తెలివైనవాళ్ళే, జుట్టుకు రంగు వేయించుకోవడానికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో ఎవరిదో ఫొటో చూపించి కుర్చీలో కూర్చుంటారు. నచ్చని చీర బీరువాలో పడి ఉంటుంది. నచ్చని జుట్టు నెలల తరబడి చెంప పక్కనే ఉంటుంది.

విజయవాడలో ఓ పార్లర్ నడిపే ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఈ పనే చేస్తోంది. ఓ బుధవారం ఉదయం ఒక లెక్కల టీచరుగారికి ఆవిడ రంగులు చూపిస్తుంటే పక్కన కూర్చుని చూశాను. టీచరుగారికి నలభై దాటాయి. చామనఛాయ. కణతల దగ్గర నెరుపు బాగా కనిపిస్తోంది, మిగతా జుట్టు నల్లగానే ఉంది. ఆమె ఫోన్‌లో చూపించిన ఫొటోలో జుట్టు బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంది. పార్లర్ భాషలో దాన్ని ఆష్ బ్రౌన్ అంటారు.

ఆవిడ 'సరే' అనలేదు, 'కాదు' అనీ అనలేదు. ముందు ముఖం కడుక్కుని రమ్మంది. పౌడరు, ఫౌండేషన్ ఉంటే కనిపించేది వాటి రంగే. స్నానానికి పసుపు వాడేవాళ్ళకైతే ముఖమంతా లేత పసుపు పొర ఉంటుంది కాబట్టి దవడ కింద, మెడ దగ్గర చూడాలి. తర్వాత కుర్చీని కిటికీ వైపు తిప్పి, నల్లటి కేప్ తీసేసి తెల్ల తువ్వాలు కప్పింది. జుట్టంతా ఇంకో తెల్ల తువ్వాలులోకి దోపింది. అద్దం చుట్టూ వెలిగే పసుపు బల్బులు ఆర్పేసింది. ఆ బల్బుల కింద ప్రతి బంగారు రంగూ నప్పినట్టే ఉంటుందట. "వాటిని నమ్మి చాలామందికి రంగేశాను. బయటికెళ్ళాక ఫోన్లు చేసేవాళ్ళు" అంది నవ్వుతూ.

ఇప్పుడు చూడాల్సింది అండర్‌టోన్. తెలుపా నలుపా అన్నది పైఛాయ, ఎండకు అది మారుతుంది. దాని లోపలినుంచి తొంగిచూసే మరో ఛాయ ఉంటుంది. కొందరి ఒంట్లో అది పసుపు వైపు, బంగారం వైపు వాలి ఉంటుంది. దాన్ని వెచ్చటి ఛాయ అంటారు. కొందరిలో గులాబీ, నీలం వైపు వాలితే అది చల్లటి ఛాయ. రెంటికీ మధ్యలో కాస్త ఆకుపచ్చ తగిలే ఆలివ్ ఛాయ మన దగ్గర మామూలే. ఒకే చామనఛాయలో ఈ మూడూ ఉండొచ్చు. నల్లటివాళ్ళంతా వెచ్చన, తెల్లటివాళ్ళంతా చల్లన అనుకోవడం తప్పు.

దీన్ని కనిపెట్టడానికి మణికట్టు నరాలు చూడమంటారు. నరాలు ఆకుపచ్చగా ఉంటే వెచ్చన, నీలంగా ఉంటే చల్లన. ఇది తెల్లతోలు వాళ్ళకు పనికొచ్చే చిట్కా. చామనఛాయలో నరాలు సరిగా కనిపించవు, కనిపించినా ఏ రంగో ఇద్దరు ఇద్దరు రకాలుగా చెబుతారు. బంగారం నప్పుతుందా వెండి నప్పుతుందా అన్న పరీక్షా మన దగ్గర తేలదు. పుట్టినప్పటినుంచీ మెడలో బంగారం చూసుకున్న కంటికి బంగారమే నప్పుతుంది మరి! ఆవిడ వాడేవి రెండు గుడ్డముక్కలు. ఒకటి కోరా గుడ్డ, చలవ చేయనిది, మీగడ రంగులో ఉంటుంది. రెండోది పాలలాంటి తెల్లటి గుడ్డ. రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి గడ్డం కింద పెట్టి తీసింది. కోరా గుడ్డకు టీచరుగారి ముఖం నునుపుదేలింది. తెల్లగుడ్డ పెట్టగానే కళ్ళ కింద నలుపు, పెదాల చుట్టూ మసక ఒక్కసారిగా బయటపడ్డాయి. అంటే ఆమెది వెచ్చటి వైపు ఛాయ.

గుడ్డ ఒంటి రంగును మార్చలేదు కదా, మరి ముఖం ఎందుకు మారింది? దీనికి జవాబు పారిస్‌లో ఒక నేత కార్ఖానాలో దొరికింది. గోబ్లాఁ కార్ఖానాలో అద్దకం పనికి పెద్దగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది, నల్ల నూలు సరిగా నల్లగా రావడం లేదని. ఆయన పరీక్షిస్తే నూలులో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా పోగులవల్ల కంటికి ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెడతాయని ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. పసుపు వైపు ఉన్న చెంప పక్కన నీలం తగిలే బూడిద రంగు పెడితే, చెంపలో పసుపు ఇంకా పైకి తేలుతుంది. అలాంటి ముఖాన్నే మనం 'పాలిపోయింది' అంటాం. అండర్‌టోన్ లెక్క చేతిపనివాళ్ళు చూసి చూసి పట్టుకున్న నియమమే గానీ కొలబద్దతో తేలే శాస్త్రం కాదు. అయినా దాని వెనక ఉన్న కంటి స్వభావం మాత్రం నిజం.

ఆవిడ షేడ్ కార్డు తీసింది. ఒక్కో కుచ్చు కింద ఒక అంకె ఉంటుంది. చుక్కకు ముందున్నది రంగు ఎంత ముదురో చెబుతుంది. 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత బంగారు రంగు. మన జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 లోపే. చుక్క తర్వాతి అంకె వాలు చెబుతుంది. చాలా కంపెనీల్లో 1 అంటే బూడిద, 3 బంగారం, 4 రాగి, 5 మహోగని. అన్ని కంపెనీలదీ ఒకే లెక్క కాదు కాబట్టి కార్డు మారితే మళ్ళీ చదువుకోవాలి.

మూడు కుచ్చులు ఊడదీసి ఒక్కొక్కటే కణత దగ్గర, ముఖానికి ఆనించి పట్టుకుంది. మొదట టీచరుగారు అడిగిన 5.1. రెండోది 5.4, రాగి. మూడోది 5.35, బంగారం మీద కాస్త మహోగని కలిసింది, చాక్లెట్‌లా ఉంది. "కుచ్చు వంక చూడకండి. కళ్ళు మూసుకుని తెరవండి. మొదట ఏం కనిపిస్తే అది చెప్పండి" అంది. 5.1కి టీచరుగారు "కళ్ళ కింద నలుపు" అన్నారు. 5.4కి "జుట్టు" అన్నారు. 5.35కి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేనే" అన్నారు. ఇంతకన్నా మంచి పరీక్ష నేను చూడలేదు.

నేనైతే అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు కథ అక్కడే మొదలైంది. కార్డు మీది కుచ్చు నల్లజుట్టు కాదు. తెల్లటి పోగుకు రంగేసి తయారుచేసింది. మన నల్లజుట్టులోని నలుపును డెవలపర్ కొంత కరిగించగానే లోపల దాగిన ఎరుపు, నారింజ బయటికొస్తాయి. కుచ్చులో కనిపించే రంగుకు ఈ వేడి తోడవుతుంది. అందుకే 5.1 రాసినా చాలాసార్లు తలమీద బూడిద కనిపించదు. ఆ నీలం కాస్తా లోపలి నారింజను చంపడానికే ఖర్చయిపోయి ఉత్త గోధుమ రంగు మిగులుతుంది. 5.3 లాంటి బంగారం కార్డులో కంటే ఎర్రగా తేలుతుంది. పైగా 6 శాతం డెవలపర్ నల్లజుట్టును ఒకటి రెండు మెట్లకు మించి ఎక్కించదు. 2లో ఉన్న జుట్టు 4 దాకా వస్తుంది. ఫొటోలోని అసలైన ఆష్ కావాలంటే ముందు బ్లీచ్ చేయాలి. ఫోన్ యాప్‌లు మన ఫొటో మీద రంగు పులిమి చూపిస్తాయి గానీ ఈ లెక్కేదీ వాటిలో ఉండదు. కింది జుట్టు ఏ మెట్టులో ఉంది, దానికి ఇదివరకు ఏం పూశారు అన్నది యాప్‌కు తెలియదు.

టీచరుగారిని అదే అడిగింది ఆవిడ, "ఏం పూశారు?" అని. నిరుడు ఎండాకాలం దాకా హెన్నా పొడి పెట్టుకునేవారట. కొసల్లో దాని ఎరుపు ఇంకా ఉంది.

అందుకని మూడు చోట్లనుంచి సన్నటి పాయలు కత్తిరించింది. మెడ వెనక లోపలినుంచి నల్లది, కణత దగ్గరనుంచి నెరిసింది, కొసల్లోంచి హెన్నా అంటింది. మూడింటికీ 5.35 కలిపి పూసి 35 నిమిషాలు ఉంచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టింది. తడిజుట్టు ముదురుగా కనిపిస్తుంది, తడిమీద తీర్పు చెప్పకూడదు. నల్లపాయ చక్కటి చాక్లెట్ రంగుకు వచ్చింది. హెన్నా పాయ ఇటుక ఎరుపు అయింది. తెల్లపాయ మాత్రం ఇత్తడిలా మెరిసింది. తెల్లవెంట్రుకలో నలుపే లేదు కాబట్టి రంగు కార్డులో ఉన్నట్టే, ఇంకా పలచగా పట్టింది. ఆ తెల్లవెంట్రుకలు ఉన్నది సరిగ్గా చెంప పక్కన! మిగతా తలంతా ఎంత బాగా కుదిరినా ముఖానికి ఆనుకుని ఇత్తడి అంచు మిగిలేది.

తెల్లపాయ ఇంకొకటి తీసి, 5.35లో సగానికి సగం మామూలు 4 కలిపి మళ్ళీ చేసింది. ఈసారి నల్లపాయతో జత కుదిరింది. కొసలకు రంగు చివరి కొద్ది నిమిషాలే పట్టించాలని కార్డు మీద రాసుకుంది. ఆరిన పాయల్ని షాంపూతో పదిసార్లు కడిగి మళ్ళీ ఆరబెట్టింది. చల్లటి రంగులు త్వరగా వెలిసిపోతాయి, కింది నారింజ పైకొస్తుంది. మొదటిరోజు జుట్టును అందరూ చూసుకుంటారు, ఆరో వారం జుట్టుతో ఎక్కువ రోజులు బతకాలి. కడిగిన పాయను కణత దగ్గర పెట్టి చూస్తే కాస్త వెచ్చబడింది గానీ ముఖాన్ని మింగలేదు. టీచరుగారు 5.1 ఫొటో వంక ఇంకోసారి చూసి, "ఇది అసలు వద్దంటారా?" అని అడిగారు. "వద్దనను మేడమ్. వెనక పాయల్లో వేద్దాం. ముఖం అంచునుంచి రెండు వేళ్ళు వదిలేసి" అంది ఆవిడ. ఆష్ రంగు చెంపకు తగలకపోతే చెంపను చెడగొట్టదు.

ఆ పూట రంగు వేయలేదు. కలిపిన మందు చెవి వెనక చుక్కంత పూసి, 48 గంటల్లో దురద గానీ మంట గానీ వస్తే కడిగేసి ఫోన్ చేయమని చెప్పింది. శనివారం రమ్మంది. సగం సగం కలిపిన తెల్లపాయను, నల్లపాయను పక్కపక్కనే టీచరుగారి కార్డుకు స్టేపుల్ చేసి, కింద తేదీ వేసి, కార్డును వెలుతురు తగలని సొరుగులో పెట్టింది.