ఉయ్యాలలోని వారసుడు

ఇంట్లో బిడ్డ పుట్టబోతున్నదని తెలియగానే తల్లిదండ్రులు ఆసుపత్రి ఖర్చు, అఖీఖా, రేపటి చదువుల ఖర్చు లెక్క వేసుకుంటారు. ఈ లెక్కలు అవసరమే. అయితే బిడ్డ రాకతో ఆస్తి విషయంలో మరొక మార్పు కూడా జరుగుతుంది. ఆ శిశువు వారసుల వరుసలో చేరి, తక్కినవారి వాటాలను మార్చివేస్తాడు. పద్దెనిమిదేళ్ల వరకు ఆ వాటాను ఎవరు కాపాడాలన్న ప్రశ్న కూడా అప్పుడే పుడుతుంది.

ముందుగా కాన్పు ఖర్చు సంగతి చూద్దాం. తల్లీబిడ్డల పోషణ బాధ్యతను దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 233వ వాక్యంలో తండ్రిపై ఉంచింది. తొలి కాన్పు పుట్టింటి భారమన్నది మన ప్రాంతపు ఆచారమే గాని షరీఅత్ విధి కాదు. ప్రభుత్వాసుపత్రులలో 2011 నుండి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, పరీక్షలు ఉచితం. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లదలచినవారు తొలి నెలల నుండే కొంత సొమ్ము వేరుగా ఉంచుకోవాలి. లేకపోతే చివరి ఘడియలో భార్య నగలు తాకట్టు పెట్టి వడ్డీ అప్పు తేవలసి వస్తుంది. ఆమె మహర్, ఆమె నగలు ఆమె సొంతం. ఆమె ఇష్టపడి అప్పుగా ఇస్తే ఆ మొత్తాన్ని కాగితంపై రాసి తిరిగి చెల్లించాలి.

ఇక వాటాల విషయం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక యువకునికి భార్య, తల్లి, తండ్రి ఉన్నారు, తోబుట్టువులు లేరు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, బాకీ ఉన్న మహర్ తీర్చాక మిగిలే ఆస్తి ఇంటితో కలిపి 24 లక్షలు అనుకుందాం. సంతానం లేకుండా అతను మరణిస్తే భార్యకు నాలుగో వంతు, అంటే 6 లక్షలు. మిగిలినదానిలో మూడో వంతు, అంటే 6 లక్షలు తల్లికి. 12 లక్షలు తండ్రికి చెందుతాయి.

అతనికి ఒక కుమారుడు పుట్టాడనుకుందాం. ఇప్పుడు భార్య వాటా ఎనిమిదో వంతుకు తగ్గి 3 లక్షలవుతుంది. తల్లికి, తండ్రికి ఆరో వంతు చొప్పున 4 లక్షలు. మిగిలిన 13 లక్షలు పసివానివే. పుట్టినది ఒక్క కుమార్తె అయితే ఆమెకు సగం, 12 లక్షలు. భార్యకు 3, తల్లికి 4, తండ్రికి 5 లక్షలు. భర్త మరణించే నాటికి భార్య గర్భవతి అయితే కాన్పు దాకా పంపకాన్ని ఆపడమే మేలు. సజీవంగా పుట్టిన శిశువుకు పూర్తి వాటా ఉంటుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. బిడ్డను పెంచేది తల్లే అయినా, మన దేశంలో అమలులో ఉన్న ముస్లిం చట్టం ప్రకారం ఆమె బిడ్డ ఆస్తికి సహజ సంరక్షకురాలు కాదు. హనఫీ ఫిఖ్హ్‌లో ఆ హక్కు మొదట తండ్రిది. ఆయన తరువాత ఆయన నియమించిన వసీది. ఆ తరువాతే తాతది. ఏ అధికారం లేకుండా తల్లి చేసే అమ్మకం మైనరు వాటా మేరకు చెల్లదని 1918లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ఇల్లు అమ్మబోయినప్పుడు కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో మైనరు పేరు కనిపించగానే కొనేవారు వెనుకాడతారు. తాత లేక, వసీ కూడా లేకపోతే సంరక్షకుని నియామకం కోసం 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టుకు వెళ్లవలసి వస్తుంది.

దీనికి పరిష్కారం తండ్రి చేతిలోనే ఉన్నది. బిడ్డ పుట్టిన తరువాత వసీయత్‌నామా రాసి, అందులో భార్యనే వసీగా నియమించవచ్చు. ఇది ఆమెకు అదనపు వాటా ఇవ్వడం కాదు, అమానతు అప్పగించడం మాత్రమే; కనుక వారసులకు వసీయతు చెల్లదన్న నియమం దీనికి అడ్డు రాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకుంటే రేపటి వివాదాలు తగ్గుతాయి.

అయితే వసీ అధికారానికి హద్దులున్నాయి. బిడ్డ పోషణకు వేరే దారి లేనప్పుడు, ఆస్తి పాడైపోతున్నప్పుడు, రెట్టింపు ధర వచ్చినప్పుడు, ఇటువంటి కారణాలతోనే స్థిరాస్తిని అమ్మవచ్చు. ప్రతి ఖర్చుకూ లెక్క రాయాలి. అనాథల సొమ్ము అప్పగించేటప్పుడు సాక్షులను ఉంచుకోవాలని నిసా సూరా 6వ వాక్యం ఆదేశిస్తున్నది. బిడ్డకు యుక్తవయస్సుతో పాటు ఆస్తిని నిర్వహించుకునే వివేకం కూడా వచ్చిందా అని చూడమంటున్నది. కోర్టు దృష్టిలో ఆ వయస్సు 18.

అఖీఖా నాడు బంధువులు పసివాని చేతికి తొడిగే ఉంగరం కూడా ఈ లెక్కలోనిదే. అది బిడ్డ సొత్తు. తండ్రి దానిని వ్యాపారానికి వాడుకుంటే అప్పు తీసుకున్నట్టే. కనుక బిడ్డ పేర ఒక పుస్తకం తెరిచి, ఆ ఉంగరం తూకాన్ని, ఇచ్చినవారి పేరును మొదటి పుటలో రాసి ఉంచాలి. వసీయత్‌నామా నకలు కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి. అది ఎక్కడున్నదో తల్లికి తెలిసి ఉండాలి.